ఇంట్లో ఒక్కటే పీఎస్5, ఆడేది ముగ్గురు: ప్రొఫైల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో పీఎస్5 ఒక్కటే. ఆడేది నేను, పదహారేళ్ల మా పెద్దమ్మాయి, తొమ్మిదేళ్ల మా బాబు. ముగ్గురికీ విడివిడిగా ప్రొఫైల్స్ పెట్టడానికి ముందు జరిగిన గొడవ, పెట్టేటప్పుడు వచ్చిన సందేహాలు, తర్వాత చుట్టాలూ ఫ్రెండ్సూ మళ్లీ మళ్లీ అడిగినవి అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా. ఇదంతా పీఎస్5 గురించే, మిగతా కన్సోల్స్ సంగతి చివర్లో కొంచెం చెప్తా.

అందరం ఒకే ప్రొఫైల్‌లో ఆడుకుంటే ఏం పోతుంది? గేమ్‌లో వేరే సేవ్ స్లాట్లు ఉంటాయిగా?

మేమూ అదే అనుకున్నాం. మా అమ్మాయి ఒక పెద్ద స్టోరీ గేమ్ దాదాపు నలభై గంటలు ఆడింది, ఒకరోజు తను పరీక్షకి వెళ్లినప్పుడు బాబు అక్క ప్రొఫైల్‌లోనే అదే గేమ్ తెరిచి కొత్తగా మొదలుపెట్టాడు. వాడు తప్పు చేశాడని కాదు, అక్క స్లాట్ ముట్టుకోలేదు కూడా, కానీ ఆ గేమ్‌కి మాన్యువల్ స్లాట్లు వేరు, ఆటోసేవ్ మాత్రం ఒక్కటే, వాడు మొదటి చాప్టర్ దాటగానే ఆటోసేవ్ వాడిది అయిపోయింది. తను చేత్తో సేవ్ చేసుకున్నది రెండు వారాల పాతది. అంటే ఆ రెండు వారాల్లో ఆడిందంతా పోయినట్టే.

అక్కడితో ఆగలేదు. గేమ్‌లో ఏదైనా సాధిస్తే అకౌంట్‌కి ట్రోఫీ అనే గుర్తింపు వస్తుంది, వాడు ఆడుతుంటే అలాంటివి రెండు వచ్చాయి, అవి అక్క లిస్ట్‌లో ఆ రోజు తేదీతో పడిపోయాయి. పైగా తన ఫ్రెండ్స్‌కి తను ఆన్‌లైన్‌లో ఉన్నట్టు, ఆ గేమ్ ఆడుతున్నట్టు కనిపించింది, వేరే కాలేజీలో చదివే ఫ్రెండ్ ఒకమ్మాయి "పరీక్ష ఎగ్గొట్టి గేమ్ ఆడుతున్నావా" అని మెసేజ్ పెట్టింది, ఆ మెసేజ్ టీవీ మీద మా వాడి ముందు వచ్చింది. సేవ్, ట్రోఫీ, ఫ్రెండ్స్, మూడూ ఒక్క మధ్యాహ్నంలో కలగాపులగం అయిపోయాయి. సేవ్ స్లాట్లు ఈ మూడింట్లో ఒక్కదాన్ని మాత్రమే, అదీ సగమే కాపాడతాయి.

మరి వేర్వేరు ప్రొఫైల్స్ పెడితే గేమ్ మూడుసార్లు ఇన్‌స్టాల్ చెయ్యాలా?

అక్కర్లేదు. గేమ్ ఎస్‌ఎస్‌డీలో ఒక్కసారే ఉంటుంది, అందరూ దాన్నే వాడతారు. డిస్క్ అయినా అంతే, డిస్క్ లోపల ఉంటే ఎవరైనా ఆడొచ్చు. విడిగా ఉండేవి సేవ్ ఫైళ్లు, ట్రోఫీలు, ఫ్రెండ్స్ లిస్ట్, మెసేజ్‌లు, స్క్రీన్‌షాట్లు, సెట్టింగ్స్. ఒకే గేమ్‌ని ముగ్గురు ప్రొఫైల్స్ నుంచి తెరిస్తే ముగ్గురికీ మొదటి నుంచే మొదలవుతుంది, ఒకరి సేవ్ ఇంకొకరికి కనిపించదు కూడా. ఒక పీఎస్5లో 16 మంది యూజర్లని పెట్టుకోవచ్చు కాబట్టి చోటు గురించి ఆలోచించక్కర్లేదు.

పిల్లలకి యూజర్ ఎలా చెయ్యాలి? ఊరికే ఒక పేరు పెట్టేస్తే సరిపోదా?

పీఎస్‌ఎన్ అంటే ప్లేస్టేషన్ ఆన్‌లైన్ నెట్‌వర్క్, దాని అకౌంట్ లేకుండా ఊరికే యూజర్ పెట్టినా సేవ్‌లు విడిపోతాయి. కానీ ఫ్రెండ్స్ ఉండరు, ఆన్‌లైన్ ఉండదు, ట్రోఫీలు ఆ కన్సోల్ బయట ఎక్కడా కనిపించవు. ఇవాళ కాకపోయినా రేపు పిల్లలు అడుగుతారు కాబట్టి మొదటే అకౌంట్‌తో చెయ్యమంటాను.

పెద్దవాళ్లలో ఒకరు ఫ్యామిలీ మేనేజర్‌గా ఉండాలి, మా ఇంట్లో అది నేను. నా ప్రొఫైల్‌లో లాగిన్ అయ్యి `Settings > Family and Parental Controls > Family Management` లోకి వెళ్లి ఫ్యామిలీ మెంబర్‌ని యాడ్ చేస్తే పిల్లల అకౌంట్ అక్కడే తయారవుతుంది. ప్రతి అకౌంట్‌కీ వేరే ఈమెయిల్ కావాలి, మీ అకౌంట్‌కి వాడిన ఈమెయిల్ మళ్లీ తీసుకోదు, అందుకే ముందే పిల్లల పేరు మీద ఒక మెయిల్ చేసి పెట్టుకుంటే మధ్యలో లేవక్కర్లేదు. పుట్టినతేదీ మాత్రం నిజమైందే ఇవ్వండి. చాలా ఇళ్లల్లో త్వరగా అయిపోతుందని ఏదో ఒక పాత సంవత్సరం కొట్టేస్తారు, అప్పుడది పెద్దవాళ్ల అకౌంట్ అయిపోతుంది, తర్వాత ఆట టైమ్, ఖర్చు, చాటింగ్ ఏదీ మీ చేతిలో ఉండదు, ఆ తేదీ మీ అంతట మీరు మార్చుకోలేరు కూడా.

నా ప్రొఫైల్‌లో ఆడే గేమ్ పిల్లల ప్రొఫైల్‌లో తాళం గుర్తు చూపిస్తోంది, ఎందుకు?

ఇది చాలామంది అడిగే ప్రశ్న, చాలామంది ఇక్కడే విసిగిపోయి మళ్లీ ఒకే ప్రొఫైల్‌కి వెళ్లిపోతారు. డిజిటల్‌గా కొన్న గేమ్ లైసెన్స్ కొన్న అకౌంట్‌ది. దాన్ని ఆ కన్సోల్‌లో ఉన్న అందరికీ తెరిచేది ఒక స్విచ్, పేరు `Console Sharing and Offline Play`. గేమ్ కొన్న వాళ్ల ప్రొఫైల్‌లో లాగిన్ అయ్యి `Settings > Users and Accounts > Other` లో చూస్తే ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చెయ్యండి. తాళం ఉన్నవాళ్ల ప్రొఫైల్‌లో కాదు, కొన్నవాళ్ల ప్రొఫైల్‌లో.

ఒక అకౌంట్‌కి ఇది ఒక్క పీఎస్5లోనే ఆన్ ఉంటుంది. పాత కన్సోల్ ఎవరికైనా ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటే పాతదాంట్లో అలాగే ఉండిపోయి ఉంటుంది, అప్పుడే ఇలా తాళాలు పడతాయి. అలాగే ఒకే కన్సోల్‌లో ఇద్దరు ముగ్గురు అకౌంట్లకి ఆన్ చెయ్యొచ్చు. మా అమ్మాయి తన డబ్బుతో కొన్న గేమ్స్ తన అకౌంట్‌లో ఉన్నాయి, తనదీ ఆన్ చేశాం, నాదీ ఆన్‌లో ఉంది, అందరి గేమ్స్ అందరికీ వస్తున్నాయి.

డబ్బు కట్టి తీసుకునే సబ్‌స్క్రిప్షన్ పీఎస్ ప్లస్ కూడా దీంతోనే పంచుకోబడుతుంది, ఒకరికి ఉంటే ఆ కన్సోల్‌లో మిగతావాళ్లు ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఆడుకోవచ్చు, నెలనెలా వచ్చే గేమ్స్ ఆడుకోవచ్చు. సేవ్‌ల కాపీని ఆన్‌లైన్‌లో దాచే క్లౌడ్ సేవ్ మాత్రం పంచుకోబడదు, అది సబ్‌స్క్రిప్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, బ్యాకప్ దగ్గర మళ్లీ దీని దగ్గరికే వస్తాం. ఇంకోటి, గేమ్ లోపల కొనే కాయిన్స్ లాంటివి కొన్న అకౌంట్‌కే పడతాయి, కాబట్టి బాబుకి కాయిన్స్ కావాలంటే నా ప్రొఫైల్‌లో కొంటే ఉపయోగం లేదు.

ప్రొఫైల్స్ అన్నీ పెట్టేశాం, అయినా వాడి ఆట అక్క ప్రొఫైల్‌లో సేవ్ అవుతోంది. ఎక్కడ తప్పుతోంది?

కంట్రోలర్ దగ్గర. కంట్రోలర్ కన్సోల్‌కి పెయిర్ అవుతుంది గానీ మనిషికి కాదు. పీఎస్ బటన్ నొక్కగానే ఎవరు ఆడుతున్నారని అడిగే స్క్రీన్ ఉంటుంది చూడండి, అక్కడ ఎవరి బొమ్మ ఎంచుకుంటే ఆ కంట్రోలర్ ఆ కాసేపు వాళ్లది. ఆ కంట్రోలర్‌తో గేమ్ తెరిస్తే సేవ్ వాళ్ల పేరు మీదే రాస్తుంది, ట్రోఫీ వాళ్లకే వస్తుంది, ఫ్రెండ్స్‌కి వాళ్ల పేరే కనిపిస్తుంది. చిన్నపిల్లలు ఆ స్క్రీన్‌లో ఏ బొమ్మ మీద ఉందో చూడకుండా ఎక్స్ కొట్టేస్తారు, అంతే. మేం ముగ్గురికీ బాగా తేడాగా ఉండే బొమ్మలు పెట్టాం, బాబుది పచ్చరంగు డైనోసార్, దాంతోనే సగం పొరపాట్లు తగ్గాయి.

అక్క ఆడుతూ ఆడుతూ కంట్రోలర్ తమ్ముడి చేతికిచ్చి భోజనానికి వెళ్లినా అదే కథ, కంట్రోలర్ ఇంకా తన పేరు మీదే ఉంటుంది. అలాంటప్పుడు పీఎస్ బటన్ నొక్కితే కింద వచ్చే కంట్రోల్ సెంటర్‌లో ప్రొఫైల్ బొమ్మ మీదికి వెళ్లి స్విచ్ యూజర్ చెయ్యాలి. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కన్సోల్ ఒకసారికి ఒక్క గేమ్‌నే తెరిచి ఉంచుతుంది, అక్క గేమ్ ఆగి ఉండగా తమ్ముడు తన ప్రొఫైల్‌లోంచి ఇంకో గేమ్ తెరిస్తే అక్కది మూసేస్తుంది, సేవ్ చెయ్యనిది పోతుంది. మూసేముందు స్క్రీన్ మీద అడుగుతుంది గానీ తొమ్మిదేళ్ల పిల్లాడు అది చదవడు. రెస్ట్ మోడ్‌లో గేమ్ ఆపి వదిలెయ్యడం ఒంటరిగా ఆడేవాళ్లకి బానే ఉంటుంది, పంచుకునే కన్సోల్‌లో మాత్రం లేచేముందు సేవ్ చేసి గేమ్ మూసెయ్యాల్సిందే.

ఇద్దరూ స్ప్లిట్ స్క్రీన్‌లో కలిసి ఆడితే సేవ్ ఎవరిది?

చాలా గేమ్స్‌లో ముందు గేమ్ తెరిచినవాళ్లది, అంటే ప్లేయర్ 1ది. ట్రోఫీలు ఇద్దరికీ వస్తాయా ఒక్కరికేనా అనేది గేమ్‌ని బట్టి ఉంటుంది, రెండో కంట్రోలర్‌కి కూడా వాళ్ల ప్రొఫైల్ పెట్టి లాగిన్ అయితేనే వచ్చే అవకాశం. మొదటి చిన్న ట్రోఫీ వచ్చినప్పుడు ఇద్దరి లిస్ట్‌లూ తెరిచి చూస్తే తేలిపోతుంది. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడైతే గెస్ట్‌గా లాగిన్ చేయించండి, లాగౌట్ అవ్వగానే గెస్ట్ సేవ్‌లు పోతాయి, అది ముందే చెప్పకపోతే ఏడుస్తారు.

ఇన్నాళ్లూ నా ప్రొఫైల్‌లో ఆడిన సేవ్‌ని పిల్లాడి ప్రొఫైల్‌కి మార్చొచ్చా?

మార్చలేం. సేవ్ ఫైల్ అది చేసిన అకౌంట్‌కి కట్టేసి ఉంటుంది. పీఎస్4 గేమ్స్ సేవ్‌లని యూఎస్‌బీలోకి కాపీ చెయ్యొచ్చు, కానీ తిరిగి అదే అకౌంట్‌లోకే వస్తాయి, ఇంకొకరికి ఎక్కవు. పీఎస్5 గేమ్ సేవ్‌లనైతే యూఎస్‌బీలోకి విడిగా కాపీ చేసే దారే లేదు.

కొన్ని ఆన్‌లైన్ గేమ్స్‌లో ప్రోగ్రెస్ కన్సోల్‌లో కాకుండా గేమ్ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, ఆ కంపెనీ అకౌంట్‌ని మీ పీఎస్‌ఎన్‌కి లింక్ చేసుకుని ఆడతారు. అక్కడ కూడా మొదటిసారి ఎవరి ప్రొఫైల్‌లో తెరిచారో వాళ్లకే లింక్ అయిపోతుంది, విడదీయడానికి ఆ గేమ్ రూల్స్ ఏవో వాటిని పట్టుకుని తిరగాలి. అందుకే కొత్త గేమ్ మొదటిసారి తెరిచే రోజే పక్కన కూర్చుని ఎవరి పేరు మీద తెరుస్తున్నారో చూడండి. మా వాడికి నేను చేసింది ఏంటంటే, వాడు నా ప్రొఫైల్‌లో బాగా ముందుకెళ్లిన ఒక్క గేమ్‌ని అక్కడే పూర్తి చెయ్యనిచ్చా, మిగతావన్నీ వాడి ప్రొఫైల్‌లో కొత్తగా మొదలుపెట్టాడు.

తమ్ముడు సంపాదించిన ట్రోఫీలు నా లిస్ట్‌లో ఉన్నాయి, తీసెయ్యొచ్చా?

ఒక్క ట్రోఫీ వచ్చినా ఆ గేమ్ లిస్ట్‌ని డిలీట్ చెయ్యలేరు, సున్నా శాతం ఉన్నవి మాత్రమే పోతాయి. మా అమ్మాయికి ఇదే ఎక్కువ బాధ కలిగించింది, సేవ్ పోతే మళ్లీ ఆడుకోవచ్చు, ట్రోఫీ అలా కాదు, తను చూడకూడదనుకున్న ఒక ఎండింగ్ ట్రోఫీ పేరు చూసి తెలిసిపోయింది కూడా. చేయగలిగింది ఆ గేమ్‌ని దాచెయ్యడం. `Settings > Users and Accounts > Privacy` లో ఆడిన గేమ్స్‌ని ఇతరులకి కనిపించకుండా దాచే ఆప్షన్ ఉంది, అలా దాస్తే మీ ప్రొఫైల్ చూసేవాళ్లకి ఆ గేమ్, దాని ట్రోఫీలు కనిపించవు. లెక్కలో మాత్రం అలాగే ఉంటాయి, అంటే బ్రాంజ్‌కి 15, సిల్వర్‌కి 30, గోల్డ్‌కి 90, ప్లాటినమ్‌కి 300 పాయింట్లు చొప్పున లెవెల్‌కి కలిసే ఉంటాయి.

ఒకే కన్సోల్‌లో ఉన్నాం కాబట్టి నా ఫ్రెండ్స్ లిస్ట్ ఇంట్లో వాళ్లకి కనిపిస్తుందా?

మీ ప్రొఫైల్‌లోకి లాగిన్ అయితే తప్ప కనిపించదు. ఒకే కన్సోల్‌లో ఉన్నా, ఒకే ఫ్యామిలీలో ఉన్నా ఆటోమేటిక్‌గా ఫ్రెండ్స్ అయిపోరు, అక్కాతమ్ముళ్లు కావాలంటే ఒకరికొకరు రిక్వెస్ట్ పంపుకోవాల్సిందే.

వేరే వాళ్లకి ఏం కనిపించాలో `Settings > Users and Accounts > Privacy` లో ఒక్కోటి విడిగా పెట్టుకోవచ్చు, ఫ్రెండ్స్ లిస్ట్ ఎవరు చూడాలి, ఆడిన గేమ్స్ ఎవరు చూడాలి, ఆన్‌లైన్ స్టేటస్, ఇప్పుడు ఆడుతున్న గేమ్ ఎవరికి కనిపించాలి, ఇలా. ఒక్కోదానికి `Anyone`, `Friends of Friends`, `Friends Only`, `No One` అని ఉంటాయి. ఇది కన్సోల్ మొత్తానికి కాదు, అకౌంట్ అకౌంట్‌కీ వేరు, కాబట్టి ముగ్గురి ప్రొఫైల్స్‌లోకీ వెళ్లి మూడుసార్లు చెయ్యాలి. మా అమ్మాయి ఫ్రెండ్స్ లిస్ట్‌ని `No One` పెట్టుకుంది, ఆడిన గేమ్స్ `Friends Only`. బాబుకి అన్నీ `Friends Only`, పైగా ఫ్యామిలీ మేనేజ్‌మెంట్‌లో వాడికి మెసేజ్‌లూ వాయిస్ చాట్ ఆపేసి ఉంచాను. కాసేపు ఎవరికీ తెలియకుండా ఆడాలంటే స్టేటస్‌ని `Appear Offline` చేసుకుంటే చాలు, సెట్టింగ్స్ కదపక్కర్లేదు.

పిల్లలు ఒకరి ప్రొఫైల్‌లోకి ఒకరు వెళ్లకుండా తాళం ఉందా?

ఉంది, నాలుగంకెల పాస్‌కోడ్. ఎవరికి వాళ్లు తమ ప్రొఫైల్‌లో `Settings > Users and Accounts > Login Settings` లోకి వెళ్లి పెట్టుకోవాలి. అక్కడే ఆటోమేటిక్ లాగిన్ ఉంటుంది, అది ఎవరికైనా ఆన్ అయి ఉంటే ఆఫ్ చెయ్యండి, లేకపోతే కన్సోల్ ఆన్ చేసిన ప్రతిసారీ వాళ్ల పేరు మీదే తెరుచుకుంటుంది. మా ఇంట్లో నాకూ అమ్మాయికీ పాస్‌కోడ్ ఉంది, బాబుకి పెట్టలేదు. కావాలనే అలా చేశాం, చూడకుండా ఎక్స్ కొట్టేస్తే పాస్‌కోడ్ అడిగి ఆగిపోతుంది, తెరుచుకునేది వాడి ప్రొఫైల్ ఒక్కటే.

ఇంకో దారి కూడా మూసెయ్యాలి. పిల్లలు కొత్త యూజర్ చేసుకుని మీరు పెట్టిన టైమ్ లిమిట్ తప్పించుకుంటారు, దానికి `Family and Parental Controls > PS5 Console Restrictions` లో యూజర్ క్రియేషన్, గెస్ట్ లాగిన్ ఆపెయ్యొచ్చు. అందులోకి వెళ్లడానికి అడిగే పాస్‌కోడ్ మొదట 0000 ఉంటుంది, అది మార్చకపోతే తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించినట్టే. ఇలా ఆపేశాక చుట్టాల పిల్లలు వచ్చిన రోజు గెస్ట్‌ని మళ్లీ మీరే తెరవాలి.

సేవ్‌లకి బ్యాకప్ ఎలా?

పీఎస్ ప్లస్ నా పేరు మీద ఉంది కాబట్టి నా సేవ్‌లు క్లౌడ్‌లోకి వెళ్తాయి. పిల్లలవి వెళ్లవు, వాళ్లవి ఆ కన్సోల్ ఎస్‌ఎస్‌డీలో తప్ప ఇంకెక్కడా లేవు. ప్లస్ పంచుకుంటున్నాం కదా అని అందరివీ క్లౌడ్‌లో ఉన్నాయనుకునే ఇళ్లు చాలా చూశాను. దీనికున్న దారి కన్సోల్ మొత్తాన్ని యూఎస్‌బీ డ్రైవ్‌లోకి బ్యాకప్ చెయ్యడం, `Settings > System > System Software > Back Up and Restore`. గేమ్స్ వదిలేసి సేవ్‌లు, సెట్టింగ్స్ మాత్రమే ఎంచుకుంటే చిన్న డ్రైవ్ చాలు. రెండు విషయాలు తెలిసుండాలి: ట్రోఫీలు ఈ బ్యాకప్‌లోకి రావు, కాబట్టి ముందు అందరి ట్రోఫీలూ ఆన్‌లైన్‌లో సింక్ అయ్యాయో లేదో ఫోన్‌లో యాప్ తెరిచి చూసుకోండి. రీస్టోర్ చేస్తే అప్పటికి కన్సోల్‌లో ఉన్నదంతా చెరిగిపోయి బ్యాకప్‌లోది వస్తుంది, అంటే ఒక్కరి సేవ్ కోసం చేస్తే మిగతా ఇద్దరూ వెనక్కి వెళ్లిపోతారు.

సొంత ప్లస్ ఉన్నవాళ్ల సేవ్ మీద ఎవరైనా పొరపాటున రాసేస్తే ఒక అవకాశం ఉంటుంది. కొత్త సేవ్ క్లౌడ్‌లోకి ఎక్కకముందే ఇంటర్నెట్ తీసెయ్యండి, `Saved Data (PS5)` లో ఆటో సింక్ ఆఫ్ చేసి, ఆ తర్వాత నెట్ పెట్టి క్లౌడ్‌లో ఉన్న పాతదాన్ని దించుకోండి. రెస్ట్ మోడ్‌లోకి పంపితే వెనకాల అప్‌లోడ్ అయిపోవచ్చు, అందుకే ఆలస్యం చెయ్యొద్దు.

ఇంక వాడని ప్రొఫైల్ తీసేస్తే?

ఆ యూజర్ సేవ్‌లు, స్క్రీన్‌షాట్లు, వీడియోలు కన్సోల్ నుంచి పోతాయి. సింక్ అయిన ట్రోఫీలు, ఫ్రెండ్స్, కొన్న గేమ్స్ అకౌంట్‌లో భద్రంగా ఉంటాయి, మళ్లీ లాగిన్ అయితే వస్తాయి. పేరు నచ్చలేదనో బొమ్మ మార్చాలనో యూజర్‌ని డిలీట్ చేసి మళ్లీ పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, అవి డిలీట్ చెయ్యకుండానే మార్చుకోవచ్చు.

ఎక్స్‌బాక్స్, స్విచ్‌లో కూడా ఇంతేనా?

అక్కడా సేవ్‌లు ప్రొఫైల్ వారీగానే ఉంటాయి. ఎక్స్‌బాక్స్‌లో క్లౌడ్ సేవ్‌కి సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు, ట్రోఫీల బదులు అచీవ్‌మెంట్స్ ఉంటాయి, అవీ అకౌంట్‌కే అతుక్కుంటాయి. స్విచ్‌లో 8 మంది యూజర్లు పెట్టుకోవచ్చు, గేమ్ తెరిచేటప్పుడు ఎవరని అడుగుతుంది, ట్రోఫీల గొడవ అసలు లేదు.